పీపీటీలో లేనిదే ఫారం అడుగుతుంది



పోస్ట్ కొంచెం పెద్దదే. హాస్టల్లో కరెంట్ పోయినప్పుడు కొంత, వచ్చాక కొంత రాశాను. తీరికగా చదవండి.

మొన్న గ్రూప్‌లో ఒక అన్న ఇలా అన్నాడు: "మంచి పీపీటీ ఉంటే చాలు తమ్ముడూ, ఫారం అనేది ఫార్మాలిటీ. స్లైడ్లలో ఉన్నదే కాపీ చేసి పెట్టేయండి." అన్న మీద గౌరవం ఉంది, కానీ ఈ మాట నేను ఒప్పుకోను. పోయిన ఏడాది మేం సరిగ్గా అదే చేశాం. దరఖాస్తు పోయింది, దాంతో పాటు ఒక చింతపండు సీజన్ కూడా పోయింది. ఈ ఏడాది మళ్లీ కూర్చుని రాశాం. ఆ రెండుసార్లకీ తేడా ఏంటో చెప్తాను.

మాది పాడేరు వైపు ఊరు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చింతపండు వస్తుంది. మావాళ్లు పెంకు తీసి, గింజతోనే సంతకి తీసుకెళ్లి అమ్మేస్తారు. గింజ తీసి, శుభ్రంగా ప్యాక్ చేసి అమ్మితే ఎక్కువ వస్తుంది కదా అని మా యువజన బృందం ఆలోచన. మూడు లక్షల రూపాయలకి ప్రతిపాదన తయారు చేశాం. పన్నెండు స్లైడ్లు. ఒక మీటింగ్‌లో మా సీనియర్ అన్న వాటిని చూపిస్తూ ఇరవై నిమిషాలు మాట్లాడాడు, అందరూ చప్పట్లు కొట్టారు. నిధులు ఇచ్చే సంస్థ వాళ్లు "బాగుంది, ఫారం నింపి పంపండి" అన్నారు. ఇంక వచ్చేసినట్టే అనుకున్నాం.

ఫారంలో ఎనిమిది ప్రశ్నలు. సమస్య ఏంటి, ఎవరి కోసం, ఏం చేస్తారు, ఏం మారుతుంది, అది ఎలా తెలుస్తుంది, ఏ ఇబ్బందులు రావచ్చు, మా డబ్బు అయిపోయాక ఎలా నడుస్తుంది, బడ్జెట్ వివరణ. ఒక్కోదానికి 1,500 అక్షరాల లోపు జవాబు. మా వాళ్లకి తెలిసిన, ఇంగ్లీష్ బాగా వచ్చిన ఒకాయనకి పీపీటీ ఇచ్చాం. ఆయన ఒక సాయంత్రంలో నింపేశాడు. నెలన్నర తర్వాత రాలేదని చెప్పారు. మా సీనియర్ ఫోన్ చేసి అడిగితే అటువైపు మేడమ్ ఒకటే మాట అంది: "మీరు ఏం చేస్తారో ఉంది బాబూ, అది ఎందుకు పని చేస్తుందో ఎక్కడా లేదు."

ఆ మాట మీద నేను చాలా రోజులు ఆలోచించాను. ఎందుకంటే మీటింగ్‌లో అన్న అదే చెప్పాడు కదా, ఎందుకు పని చేస్తుందో! మరి అది ఎక్కడికి పోయింది?

అన్న నోట్లోనే ఉండిపోయింది. స్లైడ్ మీద ఉన్నవి ముక్కలు. "తక్కువ ధర", "దళారుల దోపిడీ", "శిక్షణ", "ఆదాయం రెట్టింపు". ఈ ముక్కల మధ్యన "ఎందుకంటే", "దానివల్ల", "కానీ", "అందుకని" అనేవి అన్న నోటితో కలిపాడు. స్లైడ్ అలాగే ఉండాలి, అది మాట్లాడేవాడి కోసం. కానీ ఫారం చదివేటప్పుడు పక్కన అన్న ఉండడు కదా. ముక్కల్ని ఫారంలో పెడితే, కలిపే మాటలు లేని ముక్కలే అక్కడికి వెళ్తాయి.

ఇంకో నష్టం కూడా జరిగింది, ఇది కంప్యూటర్ సంగతి. ఆ ఫారం నింపినాయన పవర్‌పాయింట్‌లో Outline View తెరిచి, అందులో కనిపించిన టెక్స్ట్ అంతా కాపీ చేశాడు. అందులో స్లైడ్ లేఅవుట్‌తో వచ్చే పెట్టెల్లో టైప్ చేసింది మాత్రమే కనిపిస్తుంది. మనం విడిగా Text Box పెట్టి రాసింది కనపడదు. మేం సంత ధరలు ఫోటో మీద టెక్స్ట్ బాక్స్ పెట్టి రాశాం, అందంగా ఉంటుందని. అంతే, మా దరఖాస్తు ఒక్క ధర కూడా లేకుండా వెళ్లింది. చింతపండు అమ్మే ప్రతిపాదనలో ధర లేదు! కాబట్టి కాపీ చేసినా సరే, తర్వాత ఒక్కో స్లైడ్‌నీ కళ్లతో చూసుకుంటూ సరిపోల్చుకోండి.

ఈ ఏడాది అదే సంస్థ మళ్లీ పిలిచింది. ఈసారి నన్ను రాయమన్నారు. నేను బీకాం రెండో సంవత్సరం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట. ఇంగ్లీష్ అంతంత మాత్రం. కానీ ఫారం తెలుగులో కూడా నింపొచ్చని రాసి ఉంది, పోయిన ఏడాది కూడా ఉందట, మేం చూసుకోలేదు.

మొదట ఒక కాగితం మధ్యలో గీత గీశాను. ఎడమవైపు ఫారంలోని ఎనిమిది ప్రశ్నలు, కుడివైపు పన్నెండు స్లైడ్లు. ఏ స్లైడ్ ఏ ప్రశ్నకి పోతుందో గీతలు కలిపాను. నాలుగు స్లైడ్లు ఎటూ పోలేదు: టైటిల్, రెండు ఫోటో స్లైడ్లు, థాంక్యూ. అది ఫర్వాలేదు. కానీ "ఏ ఇబ్బందులు రావచ్చు", "డబ్బు అయిపోయాక ఎలా" అనే రెండు ప్రశ్నలకి ఒక్క గీత కూడా రాలేదు. అంటే ఆ రెండూ మేం అసలు ఆలోచించనే లేదు. పోయిన ఏడాది అక్కడ "సస్టైనబుల్", "హోలిస్టిక్" లాంటి పెద్ద మాటలు పెట్టి నింపేశారు. ఇంకో సంగతి కూడా బయటపడింది. నాలుగో స్లైడ్‌లో 60 కుటుంబాలు, తొమ్మిదో స్లైడ్‌లో 40 కుటుంబాలు. ఒకచోట మార్చి ఇంకోచోట మర్చిపోయారు. మీటింగ్‌లో ఎవరూ పట్టుకోరు, ఎందుకంటే నాలుగో స్లైడ్ అప్పటికే వెళ్లిపోయింది. ఫారంలో రెండూ ఒకే పేజీ మీద ఉంటాయి. చదివేవాళ్లకి వెంటనే కనపడుతుంది.

తర్వాత సంక్రాంతి సెలవులకి ఊరెళ్లినప్పుడు ఒక పని చేశాను. సీనియర్ అన్నని మళ్లీ అదే పీపీటీ చెప్పమన్నాను, కానీ ఈసారి మా ఊరి పెద్దవాళ్ల ముందు, మా మాటలో (మా ఇళ్లలో ఆదివాసీ ఒరియా మాట్లాడతాం). ఫోన్‌లో రికార్డ్ పెట్టాను. రాత్రి కూర్చుని విన్నదంతా తెలుగులో రాసుకున్నాను. స్లైడ్‌లో లేనిది ఏదైతే అన్న నోటితో చెప్పాడో దాని కింద గీత గీశాను. మా దరఖాస్తులో సగం అక్కడే దొరికింది.

మిగతా సగం పెద్దవాళ్లు అడ్డుపడినప్పుడు దొరికింది.

మా రెండో స్లైడ్‌లో సమస్య ఇలా ఉండేది:

"గిరిజన రైతుల్లో అవగాహన లోపం. మార్కెటింగ్ నైపుణ్యాలు లేకపోవడం. దళారుల దోపిడీ. విలువ జోడింపు లేదు."

నిజం చెప్పాలంటే ఇది మేం ఎక్కడో చూసిన ఇంకో పీపీటీలోంచి తెచ్చుకున్నది. అన్న ఆ "అవగాహన లోపం" దగ్గరికి వచ్చేసరికి మా పెద్దమ్మ ఆపేసింది. "గింజ తీస్తే రేటు ఎక్కువని నాకు తెలీదంటావా? నీ పుట్టకముందు నుంచి తెలుసు" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, ఎందుకంటే ఆ వాక్యం టైప్ చేసింది నేనే. మరి తెలిసి ఎందుకు తీయరు అని అడిగాను. అప్పుడు చెప్పింది. చింతపండు వచ్చే మార్చి నెలలోనే ఇప్పపువ్వు ఏరాలి, దానికి రోజు ఆగదు. ఇటుకల పండగకి ఇంట్లో డబ్బు కావాలి. కొన్ని ఇళ్లు షావుకారు దగ్గర ముందే బయానా తీసుకుని ఉంటాయి, కాయ దించగానే ఇచ్చేయాలి. గింజ తీసి, ప్యాక్ చేసి, మంచి ధర వచ్చేదాకా ఆగాలంటే రెండు మూడు నెలలు డబ్బు చేతికి రాదు. ఆగలేక అమ్ముతున్నారు గానీ తెలియక కాదు.

ఇప్పుడు చూడండి, ఇది మాటల తేడా కాదు, డబ్బు తేడా. సమస్య "అవగాహన లోపం" అయితే మందు "శిక్షణ". అందుకే మా మొదటి బడ్జెట్‌లో మూడు లక్షల్లో 1,20,000 శిక్షణకి పెట్టాం. సమస్య "మార్చిలో చేతిలో డబ్బు లేకపోవడం" అయితే మందు వేరు: సరుకు తెచ్చిన రోజే సంత ధర చేతిలో పెట్టగల నిధి కావాలి. అంటే మేం లక్షా ఇరవై వేలు ఖర్చుపెట్టి మా పెద్దమ్మకి తెలిసిందే మా పెద్దమ్మకి నేర్పించబోయాం. స్లైడ్ మీద ఈ తప్పు ఎప్పటికీ బయటపడేది కాదు. "అవగాహన లోపం" ఒక స్లైడ్‌లో, "శిక్షణ" ఇంకో స్లైడ్‌లో, రెండూ చూడ్డానికి బాగానే ఉన్నాయి. ఫారంలో "అందువల్ల" అని ఒక వాక్యం రాయాల్సి వచ్చినప్పుడే కాలు జారింది.

చివరికి సమస్య దగ్గర ఇలా రాశాం:

"మా ఊరి కుటుంబాలు చింతపండును గింజతోనే మార్చి, ఏప్రిల్ నెలల్లో సంతలో అమ్ముతాయి. గింజ తీస్తే ధర ఎక్కువని వారికి తెలుసు. కానీ అదే నెలల్లో పండగ ఖర్చు, పాత బాకీ ఉంటాయి, ఇప్పపువ్వు సేకరణ వల్ల ఇంట్లో మనుషులకు తీరిక ఉండదు. గింజ తీసి అమ్మేవరకు డబ్బు కోసం ఆగే శక్తి లేక తక్కువ ధరకు ఇచ్చేస్తున్నారు. అందువల్ల మేము అడుగుతున్నది ప్రధానంగా శిక్షణ కోసం కాదు, సరుకు ఇచ్చిన రోజే డబ్బు ఇవ్వగలిగే కొనుగోలు నిధి కోసం."

దీనిలో పెద్ద మాట ఒక్కటి కూడా లేదు. కానీ ఒక వాక్యం లాగితే పక్క వాక్యం కదులుతుంది. నా దృష్టిలో ఫారం జవాబు అంటే అలా ఉండాలి.

తర్వాతి దెబ్బ "ఏం మారుతుంది" అనే ప్రశ్న దగ్గర. స్లైడ్‌లో బాణం గుర్తుతో "కిలో ₹30 → ₹70, ఆదాయం రెట్టింపు!" అని ఉంది. ₹30 అంటే పోయిన సీజన్‌లో మా సంతలో గింజతో ఉన్న పండుకి మాకొచ్చిన ధర. ₹70 అంటే గింజ తీసినదానికి పట్నంలో ఒక దుకాణం వాళ్లు చెప్పిన ధర. రెండూ నిజమే. కానీ రాసేటప్పుడు నాకు అనుమానం వచ్చింది: గింజ తీస్తే బరువు తగ్గుతుంది కదా? ఇంట్లో మిగిలిన పండు పది కిలోలు తూచి, గింజ, ఈనెలు తీయించి మళ్లీ తూచాం. ఆరు కిలోలు వచ్చింది. అంటే పది కిలోలు గింజతో అమ్మితే 300 రూపాయలు. గింజ తీసి ఆరు కిలోలు అమ్మితే 420. రెట్టింపు కాదు, నూటికి నలభై ఎక్కువ. అది కూడా ప్యాకింగ్, బండి ఖర్చు తీయకముందు.

సీనియర్ అన్నకి చెప్తే కొంచెం డీలా పడ్డాడు. "రెట్టింపు అనే ఉంచేద్దాం, వాళ్లేం తూచి చూస్తారా" అన్నాడు. అక్కడ మా ఇద్దరికీ వాదన అయింది. నేనన్నది ఇది: వాళ్లు తూచకపోవచ్చు అన్నా, కానీ ఏడాది తర్వాత రిపోర్ట్ రాయాల్సింది మనమే. రెట్టింపు అని రాసి నలభై శాతం చూపిస్తే ఓడిపోయినట్టు. నలభై అని రాసి నలభై చూపిస్తే చెప్పింది చేసినట్టు. పని అదే, డబ్బు అదే. చివరికి అన్న ఒప్పుకున్నాడు.

ఆ లెక్కే మొత్తం ఫారానికి వెన్నెముక అయింది. 40 కుటుంబాలు, మొదటి ఏడాది ఒక్కొక్కరు 100 కిలోలు మాత్రమే ఇస్తారు. మొత్తం 4,000 కిలోలు. కిలో 30 చొప్పున కొనడానికి 1,20,000. గింజ తీస్తే 2,400 కిలోలు. కిలో 70 చొప్పున 1,68,000. మిగిలేది 48,000, కుటుంబానికి 1,200, ఖర్చులు పోను సుమారు వెయ్యి. చిన్నదే. కానీ మార్చిలో మూడు వేలు ఎప్పట్లాగే చేతికి వస్తాయి, ఈ వెయ్యి జూన్‌లో విత్తనాల టైమ్‌కి అదనంగా వస్తుంది. శిక్షణని 1,20,000 నుంచి 15,000కి తగ్గించాం, శుభ్రత, ప్యాకింగ్ కోసం రెండు రోజులు చాలు. పబ్లిసిటీ, బ్యానర్లు 25,000 నుంచి 10,000కి దించాం. అలా మిగిలిన 1,20,000 కొనుగోలు నిధి. మొత్తం మూడు లక్షలు మారలేదు. ఒక్కమాట, ఇలాంటి తిరిగి వాడుకునే నిధిని కొన్ని సంస్థలు ఇవ్వవు. నిబంధనల్లో ముందే చూసుకోండి. మాకు అనుమతి ఉంది.

"ఎలా తెలుస్తుంది" అనేదానికి స్లైడ్‌లో "40 మందికి శిక్షణ, 2 యంత్రాలు" అని ఉంది. అవి మేం చేసే పనులు. పని చేసినంత మాత్రాన మార్పు వచ్చినట్టు కాదు. యంత్రం తాళం వేసిన గదిలో ఉన్నా అది "2 యంత్రాలు" కిందే లెక్క. అందుకని ఇలా మార్చాం: ఎన్ని కుటుంబాలు సరుకు మాకిచ్చాయి, ఎన్ని కిలోలు, ఇచ్చిన రోజే డబ్బు అందిందా, జూన్‌లో అదనంగా ఎంత వచ్చింది. దీనికి పెద్ద సర్వే అక్కర్లేదు. తూకం దగ్గర ఒక పుస్తకం, అందులో సంతకం లేదా వేలిముద్ర చాలు.

గీత కలవని రెండు ప్రశ్నలకి కూడా ఊళ్లోనే జవాబు దొరికింది. మా మొదటి ఆలోచన సెప్టెంబర్ దాకా నిల్వ ఉంచి ఇంకా ఎక్కువ ధరకి అమ్మాలని. వానాకాలం మా కొండల్లో తేమకి చింతపండు నల్లబడిపోతుంది, నల్లబడ్డదానికి ధర పడిపోతుందని ఒక తాత చెప్పాడు. చల్లని గిడ్డంగి ఉంటే వేరు, మాకు లేదు. అందుకే జూన్ లోపే అమ్మేస్తామని రాశాం. ఇంకో ఇబ్బంది ధర పడిపోవడం. పెట్టిన లక్షా ఇరవై వేలు తిరిగి రావాలంటే 2,400 కిలోలకి కిలో కనీసం 50 రావాలి. అంతకంటే తగ్గితే నిధి కరిగిపోతుంది. అలా జరిగేలా ఉంటే ఆ వారం కొనడం ఆపుతామని రాశాం. డబ్బు అయిపోయాక ఎలా అన్నదానికి కూడా ఇదే జవాబు: అమ్మిన డబ్బులోంచి లక్షా ఇరవై వేలు ముందు పక్కన పెడతాం, మిగిలిందే పంచుతాం, వచ్చే మార్చికి అదే నిధి. లోపం ఒప్పుకుంటే ఇవ్వరేమో అని మావాళ్లు భయపడ్డారు. నా అభిప్రాయం వేరు. ఇబ్బందే లేదని రాసేవాడు ఆ పని ఎప్పుడూ చేయలేదని చదివేవాళ్లకి తెలిసిపోతుంది.

తెలుగులో నింపేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. 1,500 అక్షరాలంటే మనం లెక్కపెట్టే అక్షరాలు కాదు. మా ఫారంలో గుణింతం, సున్న, ఒత్తు అన్నీ విడివిడిగా లెక్కకొచ్చాయి. "చింతపండు" మనకి నాలుగు అక్షరాలు, దానికి ఎనిమిది. నేను సరిపోయిందనుకుని రాసిన జవాబు చివర్లో తెగిపోయింది. అసలు సంగతి మొదటి రెండు వాక్యాల్లోనే పెట్టండి, పంపేముందు ఫారంలోనే పేస్ట్ చేసి చూసుకోండి.

అన్న ఇంకో మాట కూడా అన్నాడు, ఫారాలు ఇంగ్లీష్ వచ్చినవాళ్ల కోసం, బయటివాళ్లకి ఇచ్చి రాయించుకోవడమే నయం అని. అందులో నిజం లేకపోలేదు. చాలా ఫారాలు మనల్ని దృష్టిలో పెట్టుకుని తయారు చేసినవి కావు. కానీ భాష బయటివాళ్లతో దిద్దించుకోవచ్చు గానీ "ఎందుకంటే" అనే మాట వాళ్లు రాయలేరు. అది వాళ్లకి తెలీదు కాబట్టి, తెలియనిచోట "అవగాహన లోపం" అని రాస్తారు. ఆ కాగితం మీద మన పెద్దవాళ్లు ఏమీ తెలియనివాళ్లుగా మిగిలిపోతారు, కింద సంతకం మాత్రం మనది.

దరఖాస్తు పోయిన వారం పంపాం. వస్తుందో రాదో తెలీదు. రాకపోయినా ఈ మార్చిలో పది కుటుంబాలతో, మా దగ్గరున్న డబ్బుతో చిన్నగా మొదలుపెడతాం, ఎందుకంటే ఈసారి లెక్క మా చేతిలో ఉంది.

గ్రూప్‌లో ఎవరైనా ఫారం నింపుతుంటే ఒక్కటి చేయండి. పంపేముందు దాన్ని మీ ఊళ్లో, ఎవరి గురించి రాశారో వాళ్లకి, వాళ్ల భాషలో చదివి వినిపించండి. మా పెద్దమ్మకి ఫోన్‌లో చదివాను. అంతా విని, "మూడు వేలు అదే రోజు ఇస్తామని రాశావు కదా, మర్చిపోకు" అంది.